వెబ్ మ్యాప్ మీద గీసిన రెండెకరాలు 2-08 ఎందుకవుతాయి? విస్తీర్ణం సరిగ్గా కొలిచే పద్ధతి

"పాస్‌బుక్‌లో రెండెకరాలే ఉంది, మ్యాప్ మీద గీసి చూస్తే 2 ఎకరాల 8 గుంటలు వస్తోంది, ఏది నిజం?" ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్లు, పొలాలు, చెరువులు మ్యాప్ మీద గీసే పని చేస్తాను కాబట్టి తెలిసినవాళ్లంతా నన్నే అడుగుతారు. మొదటిసారి అడిగింది మా మామయ్య. శంషాబాద్ అవతల ఆయన పొలాన్ని గీసిచ్చింది నేనే, ఆ 8 గుంటలు ఎక్కువ చూపించిందీ నేనే. పక్కవాళ్ల భూమి కలిసిందేమోనని ఆయన రెండు రోజులు టెన్షన్ పడ్డారు. గట్టు జరగలేదు, ఎవరూ కలుపుకోలేదు. నేను లెక్కపెట్టిన పద్ధతే తప్పు.

అప్పటి నుంచి ఏ వరుసలో చేస్తే తప్పు రాదో, వస్తే ఎలా పట్టుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ మీద చెబుతున్నాను, కానీ లెక్క ఎక్కడైనా ఒకటే.

## 1. ముందు కారణం అర్థం చేసుకోండి

ఇది తెలియకుండా స్టెప్పులు బట్టీ పడితే కొత్త రకం ఫైల్ చేతికొచ్చిన రోజున మళ్లీ దొరికిపోతాం, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు సుమారు 111.3 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా, హైదరాబాద్ దగ్గరికి వచ్చేసరికి అదే డిగ్రీ సుమారు 106.3 కిలోమీటర్లే. కానీ వెబ్ మ్యాప్ చదునైన నలుచదరపు కాగితం లాంటిది. దాని మీద రేఖాంశాలన్నీ నిటారుగా, సమాన దూరంలో ఉంటాయి. అంటే మన 106.3 కిలోమీటర్లను కూడా 111.3 అంత వెడల్పుగా సాగదీసి చూపిస్తుంది. తూర్పు పడమరలకు దాదాపు 4.8 శాతం సాగింది.

అక్కడితో ఆగితే ఇంకో చిక్కు. చార్మినార్ అడుగు చతురస్రం, ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు. అడ్డంగా మాత్రమే సాగదీస్తే మ్యాప్ మీద అది దీర్ఘచతురస్రం అవుతుంది. మన దగ్గర ఆ తేడా కంటికి తెలియకపోవచ్చు, కానీ ఇంకా ఉత్తరాన, 60 డిగ్రీల దగ్గర, అడ్డం కొలత రెండింతలవుతుంది, అక్కడి ఊళ్లన్నీ నలిగిపోయినట్టు కనిపిస్తాయి. చౌరస్తాలో లంబంగా కలిసే రోడ్లు కూడా వంకరగా కలుస్తాయి. అందుకని అడ్డంగా ఎంత సాగిందో నిలువుగానూ అంతే సాగదీస్తారు. దాంతో ఆకారం, మలుపుల కోణాలు నిలుస్తాయి. రెండు వైపులా సాగింది కాబట్టి విస్తీర్ణం మాత్రం రెండుసార్లు దెబ్బతింటుంది. గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు. ఇదే మెర్కేటర్ ప్రొజెక్షన్, వెబ్ మ్యాపుల్లో వాడే దాని రకాన్ని వెబ్ మెర్కేటర్ అంటారు, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ `EPSG:3857`.

తెలిసి తెలిసి దీన్నే ఎందుకు వాడతారంటే, వెబ్ మ్యాప్ పని దారి చూపించడం, భూమి కొలవడం కాదు. దారి చూసేవాడికి మలుపు సరిగ్గా కనిపించాలి, ఉత్తరం ఎప్పుడూ పైకే ఉండాలి. రెండోది, 85.05 డిగ్రీల దగ్గర పైనా కిందా కత్తిరిస్తే ప్రపంచం మొత్తం కచ్చితమైన చతురస్రంలో కూర్చుంటుంది. ఆ చతురస్రాన్ని నాలుగు ముక్కలు, ఒక్కో ముక్కను మళ్లీ నాలుగు ముక్కలు చేసుకుంటూ పోతే జూమ్ చేసినప్పుడల్లా కావలసిన చిన్న బొమ్మ ముక్కలే మీ ఫోన్‌కి వస్తాయి. సర్వర్‌కి తేలిక, ఫోన్‌కీ తేలిక. ఆ పనికి ఇది మంచి ఎంపికే అని నేనూ ఒప్పుకుంటాను. మ్యాప్ మీద మీటర్లలా కనిపించే అంకెలను మనం నిజం మీటర్లుగా తీసుకున్నప్పుడే గొడవ.

ఎంత పెరుగుతుందంటే, హైదరాబాద్ దగ్గర విస్తీర్ణం 10.4 శాతం. అంటే 40 గుంటల ఎకరం 44 గుంటలకు పైగా అవుతుంది. అక్షాంశాన్ని బట్టి ఇది మారుతుంది. కన్యాకుమారిలో 3 శాతం లోపే, ఢిల్లీలో 30 శాతం, శ్రీనగర్‌లో 46 శాతం. అందుకే ఇక్కడి పొలాన్నీ ఢిల్లీ పక్కన పొలాన్నీ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి "అదే పెద్దది" అనడం కుదరదు.

కొసైన్ ఫార్ములా తెలిసినవాళ్లకు ఒక మాట. 1ని అక్షాంశం కొసైన్ వర్గంతో భాగిస్తే హైదరాబాద్‌కి 1.098 వస్తుంది, నేనేమో 1.104 అంటున్నాను. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని ఉంటుంది, వెబ్ మెర్కేటర్ మాత్రం దాన్ని పూర్తి గోళంగా భావించి లెక్క వేస్తుంది. మిగిలిన అర శాతం పైచిలుకు అక్కడి నుంచి వస్తుంది. దాన్ని కూడా కలిపిన ఫార్ములా ఇది:

```
k = (1 - 0.00669438 * sin(lat)^2)^2 / (0.99330562 * cos(lat)^2)
```

## 2. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- హద్దుల ఫైల్. కేఎంఎల్ అయినా, షేప్‌ఫైల్ అయినా, జియోజేసన్ అయినా సరే.
- షేప్‌ఫైల్ అయితే దానితో పాటు వచ్చే `.prj` ఫైల్. చాలామంది `.shp` ఒక్కటే వాట్సాప్‌లో పంపుతారు, అది చాలదు. మొత్తం సెట్ జిప్ చేసి పంపమనండి.
- పోల్చుకోవడానికి కాగితం మీద ఉన్న విస్తీర్ణం. పాస్‌బుక్, సేల్ డీడ్, ఏదైనా.
- యూనిట్లు ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి: ఎకరం 40 గుంటలు, గుంట 121 గజాలు, గజం అంటే 0.836 చదరపు మీటరు, గుంట 101.17 చదరపు మీటర్లు, ఎకరం 4,046.86 చదరపు మీటర్లు.

ఆ చీటీ చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ సగం తగాదాలు ప్రొజెక్షన్ వల్ల కాదు, గజాల్ని మీటర్లుగా చదవడం వల్ల వస్తాయి.

## 3. అంకెలు చూసి ఫైల్ రకం గుర్తుపట్టండి

సాఫ్ట్‌వేర్ చెప్పే పేరు నమ్మే ముందు ఒక మూల కోఆర్డినేట్లు చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కల భూమికి ఒక్క చూపులో తెలిసిపోతుంది:

- మొదటి అంకె 78 చుట్టుపక్కల, రెండోది 17 చుట్టుపక్కల ఉంటే అవి డిగ్రీలు. కోడ్ `EPSG:4326`. కేఎంఎల్ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.
- మొదటిది 87 లక్షలు, రెండోది 19.6 లక్షలు దాకా ఉంటే అది వెబ్ మెర్కేటర్, `EPSG:3857`. మన దొంగ ఇదే.
- మొదటిది 2.3 లక్షలు, రెండోది 19.2 లక్షలు దాకా ఉంటే ప్రపంచాన్ని సన్నటి పట్టీలుగా కోసి కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్, `EPSG:32644`. మనకు కావలసింది ఇది.
- మొదటిది 8.7 లక్షలు దాకా ఉంటే ఎవరో పక్కనున్న 43వ జోన్‌లో గీశారన్నమాట.

వెబ్ మెర్కేటర్, యూటీఎం రెండింటిలోనూ రెండో అంకె 19 లక్షల్లోనే ఉంది, గమనించారా? అందుకే రెండో అంకె ఒక్కటే చూసి తేల్చేయకండి, మొదటి అంకె చూడండి. మామయ్య ఫైల్‌లో అది 87 లక్షల్లో ఉంది. ఆ రోజు ఒక్క క్షణం దాన్ని చూసి ఉంటే ఆ రెండు రోజుల కంగారు ఉండేది కాదు.

## 4. లెక్క పెట్టే వరుస

ఈ వరుస మార్చకండి. ముఖ్యంగా మూడోది, నాలుగోది అటూ ఇటూ అయితే లెక్క చెడుతుంది.

4.1 కొత్త ప్రాజెక్ట్ తెరిచి, బ్యాక్‌గ్రౌండ్ మ్యాప్ కంటే ముందు మీ హద్దుల ఫైల్‌ని వేయండి. మామూలు సెట్టింగ్‌లో క్యూజీఐఎస్ మొదట వేసిన లేయర్ కొలతల పద్ధతినే ప్రాజెక్ట్ మొత్తానికి తీసుకుంటుంది. మనమేమో అలవాటుగా ముందు శాటిలైట్ బొమ్మ వేస్తాం, దాంతో ప్రాజెక్ట్ `EPSG:3857` అయి కూర్చుంటుంది, ఆ తర్వాత గీసే కొత్త లేయర్ కూడా చాలాసార్లు అందులోనే పుడుతుంది. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

4.2 లేయర్ మీద రైట్ క్లిక్ చేసి Properties లో Information చూడండి. అక్కడ రాసున్న కోడ్, మూడో భాగంలో మీరు అంకెలు చూసి గుర్తుపట్టిన కోడ్ ఒకటేనా? కాకపోతే ముందుకు వెళ్లకండి, 7.1 చదవండి.

4.3 Processing Toolbox లో Reproject Layer తెరిచి Target CRS దగ్గర `EPSG:32644` ఇవ్వండి. కొత్త లేయర్ వస్తుంది. పాతదాన్ని చెరపకండి, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

4.4 ఆ కొత్త లేయర్‌ని సెలెక్ట్ చేసి Field Calculator తెరవండి. కొత్త ఫీల్డ్‌ని దశాంశ సంఖ్యగా పెట్టి ఇది రాయండి:

```
area($geometry)
```

చదరపు మీటర్లలో విస్తీర్ణం వస్తుంది. 101.17 తో భాగిస్తే గుంటలు.

4.5 రెండో ఫీల్డ్‌లో ఇది రాయండి:

```
$area
```

ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది, కానీ కాదు. `area($geometry)` లేయర్‌లో ఉన్న అంకెల్ని చదునైన కాగితం మీద అంకెలుగా తీసుకుని లెక్క వేస్తుంది. లేయర్ వెబ్ మెర్కేటర్‌లో ఉంటే తప్పు విస్తీర్ణాన్నే నిస్సంకోచంగా ఇస్తుంది. `$area` మాత్రం Project Properties లో General కింద ఉన్న Ellipsoid సెట్టింగ్ చూసి, భూమి వంపును లెక్కలోకి తీసుకుని విస్తీర్ణం చెబుతుంది. అక్కడ WGS 84 ఉందో లేదో చూసుకోండి, None అని ఉంటే `$area` కూడా చదును లెక్కే వేస్తుంది. దాని కిందే విస్తీర్ణం యూనిట్ కూడా ఉంటుంది, అది చదరపు మీటర్లలో ఉందో లేదో చూడండి.

4.6 రెండు ఫీల్డ్‌లు పోల్చండి. యూటీఎంలో ఉన్న లేయర్‌కి హైదరాబాద్ చుట్టుపక్కల తేడా వెయ్యికి రెండు మించకూడదు. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే మధ్యలో ఏదో స్టెప్ తప్పింది.

మామయ్య పొలానికి పాత లేయర్‌లో 8,959 చదరపు మీటర్లు, అంటే 88 గుంటలన్నర వచ్చింది. ఈ వరుసలో మళ్లీ చేస్తే 8,130, అంటే 80 గుంటల పైన కొంచెం. మిగిలిన ఆ కొంచెం ఎక్కడి నుంచి వచ్చిందో ఎనిమిదో భాగంలో చెబుతాను.

## 5. మీ సొంత భూమి కంటే ముందు ఒక గడి మీద పరీక్షించండి

గీయనక్కర్లేదు. ఏ లేయర్ మీదైనా Field Calculator తెరిచి ఇది అతికించి, కింద Preview లో వచ్చే అంకె చూడండి చాలు, OK కొట్టొద్దు:

```
area(transform(geom_from_wkt(
'POLYGON((78.47 17.38, 78.48 17.38,
78.48 17.39, 78.47 17.39, 78.47 17.38))'),
'EPSG:4326', 'EPSG:3857'))
```

ఇది అబిడ్స్, కోఠి పరిసరాల్లో పడే చిన్న గడి. అడ్డం నిలువు ఒక్కోటి డిగ్రీలో నూరోవంతు. వెబ్ మెర్కేటర్‌లో దీనికి సుమారు 12,98,500 చదరపు మీటర్లు వస్తుంది, అంటే దాదాపు 321 ఎకరాలు.

ఇప్పుడు చివర ఉన్న `EPSG:3857` తీసేసి `EPSG:32644` పెట్టండి. సుమారు 11,77,200 వస్తుంది, 291 ఎకరాల లోపు. భూమి వంపుతో సహా అసలు విస్తీర్ణం 11,76,100 దగ్గర, అంటే 290.6 ఎకరాలు.

కోడ్‌లో నాలుగు అంకెలు మారిస్తే నగరం నడిబొడ్డున 30 ఎకరాలు పుట్టి, మాయమయ్యాయి. యూటీఎంకీ అసలుకీ తేడా మాత్రం మొత్తం గడికి ఎకరంలో మూడోవంతు కూడా లేదు. మీ దగ్గర ఈ అంకెలు వస్తే సెటప్ సరిగ్గా ఉన్నట్టే.

డేటాబేస్‌లో పని చేసేవాళ్లు పోస్ట్‌జిస్‌లో మూడూ ఒకేసారి చూడొచ్చు:

```sql
WITH g AS (SELECT ST_MakeEnvelope(
  78.47, 17.38, 78.48, 17.39, 4326) AS geom)
SELECT ST_Area(ST_Transform(geom, 3857))  AS web,
       ST_Area(ST_Transform(geom, 32644)) AS utm,
       ST_Area(geom::geography)           AS asalu
FROM g;
```

## 6. 44వ జోనే ఎందుకు, ఎక్కడిదాకా

యూటీఎం ప్రపంచాన్ని 6 డిగ్రీల వెడల్పున్న 60 పట్టీలుగా కోస్తుంది. 43వ పట్టీ 72 నుంచి 78 డిగ్రీల రేఖాంశం దాకా, 44వది 78 నుంచి 84 దాకా. హైదరాబాద్ 78.47 దగ్గరుంది కాబట్టి 44లో పడుతుంది, కానీ అంచుకు దగ్గర్లో. నగరం దాటి పడమరకు గంటన్నర డ్రైవ్ చేస్తే వికారాబాద్, అది 77.9, అంటే 43వ జోన్. అక్కడి భూమికి `EPSG:32643` వాడండి.

యూటీఎం విస్తీర్ణాన్ని నూటికి నూరుపాళ్లు కాపాడదు, అదీ ఆకారాన్ని కాపాడే రకమే. పట్టీ సన్నగా ఉంటుంది కాబట్టి తప్పు చిన్నదిగా ఉంటుంది, అంతే. హైదరాబాద్‌లో ఎకరానికి సుమారు 5 గజాలు ఎక్కువ చూపిస్తుంది. ప్లాటుకీ పొలానికీ ఇది లెక్కలోకి రాదు.

జిల్లా మొత్తం, రాష్ట్రం మొత్తం కొలవాలంటే మాత్రం రెండు జోన్ల మీద పడొచ్చు, అప్పుడు `$area` గానీ, పోస్ట్‌జిస్‌లో `geography` గానీ వాడండి. గ్రిడ్ గడులు వేసి పోల్చే పని అయితే విస్తీర్ణాన్నే కాపాడే ప్రొజెక్షన్ కావాలి, `EPSG:6933` అలాంటిదే. దానిలో ఆకారాలు కాస్త నొక్కుకున్నట్టు కనిపిస్తాయి, కంగారు పడకండి.

## 7. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి మందు

7.1 పేరు మార్చి, కొలతలు మార్చాననుకోవడం. నాకు వచ్చే ఫైళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. లేయర్ మీద రైట్ క్లిక్ చేస్తే Set Layer CRS అని ఉంటుంది. అది లోపలి అంకెల్ని మార్చదు, డబ్బా మీద లేబుల్ మాత్రమే మారుస్తుంది. కందిపప్పు డబ్బా మీద పెసరపప్పు అని అతికించినట్టు. లోపల 87 లక్షలే ఉంటుంది, పైన మాత్రం యూటీఎం అని రాసుంటుంది, లెక్క మళ్లీ 10 శాతం ఎక్కువే వస్తుంది, పైగా ఈసారి లేబుల్ సరిగ్గా కనిపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు. గుర్తు ఏంటంటే, శాటిలైట్ బొమ్మ మీద మీ పొలం ఉండాల్సిన చోట ఉండదు, ఎక్కడికో ఎగిరిపోయి ఉంటుంది. మందు: లేబుల్‌ని మళ్లీ అసలు కోడ్‌కి పెట్టి, తర్వాత Reproject Layer చేయండి.

7.2 డిగ్రీల్లో విస్తీర్ణం. జవాబు 0.0000007 లాంటిది వచ్చిందంటే డిగ్రీల మీద నేరుగా `area` నడిపారు. దాన్ని ఏదో ఒక అంకెతో గుణించి సరిచేయాలని చూడొద్దు, 4.3కి వెనక్కి వెళ్లండి.

7.3 నిష్పత్తి చూసి జబ్బు కనిపెట్టడం. మీకు వచ్చిన దాన్ని కాగితం మీద ఉన్న దానితో భాగించండి. 1.10 దగ్గరుంటే వెబ్ మెర్కేటర్. 1.2 దగ్గరుంటే ఎవరో గజాల్ని చదరపు మీటర్లుగా రాశారు, ఎందుకంటే ఒక చదరపు మీటరు 1.196 గజాలు. 10.76 ఉంటే చదరపు అడుగులు. 1.32 దగ్గర వస్తే తప్పులు రెండూ కలిసి వచ్చాయి. నాకు ఒకసారి ఇదీ వచ్చింది, పట్టుకోవడానికి సాయంత్రమంతా పట్టింది.

7.4 బఫర్ వెబ్ మెర్కేటర్‌లో గీయడం. ఇది విస్తీర్ణం కంటే ప్రమాదం, ఎందుకంటే ఇక్కడ తప్పు తక్కువ వైపుకి పోతుంది. చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు, అంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్ల బఫర్ కావాలనుకోండి. లేయర్ `EPSG:3857` లో ఉండగా 30 అని కొడితే, అవి సాగిన మీటర్లు కాబట్టి నేల మీద సుమారు 28న్నర మీటర్లే వస్తుంది. బయట పడిందనుకున్న గోడ నిజానికి బఫర్ లోపల ఉండొచ్చు. బఫర్ ఎప్పుడూ యూటీఎంలోకి మార్చాకే గీయండి.

7.5 ప్రింట్ తీసి స్కేలుతో కొలవడం. ప్రాజెక్ట్ వెబ్ మెర్కేటర్‌లో ఉండగా తీసిన ప్రింట్ మీద స్కేలు పెట్టి కొలిస్తే పొడవులు 5 శాతం దాకా ఎక్కువ రావచ్చు. ప్రింట్ లేఅవుట్ తెరవకముందే ప్రాజెక్ట్‌ని `EPSG:32644` కి మార్చండి.

7.6 ఫోన్‌లో కొలిచింది కూడా తప్పే అనుకోవడం. అందరూ ఇక్కడ అతిగా భయపడతారు. గూగుల్ మ్యాప్స్‌లో Measure distance లాంటి టూల్స్ భూమి వంపును లెక్కలోకి తీసుకునే జవాబిస్తాయి, చూపించే బొమ్మ సాగినా చెప్పే అంకె సాగదు. భూమిని పూర్తి గోళంగా తీసుకునే టూల్ అయితే అర శాతం అటూ ఇటూ ఉండొచ్చు. సాగిన అంకెల్ని బయటికి తీసి మనమే లెక్క వేసినప్పుడే 10 శాతం తప్పు వస్తుంది. టూల్ మీద అనుమానం ఉంటే అయిదో భాగంలోని గడి నాలుగు మూలలు అందులో పెట్టి చూడండి, 11.8 లక్షల చదరపు మీటర్ల దగ్గర వచ్చిందా 13 లక్షల దగ్గర వచ్చిందా తెలిసిపోతుంది.

## 8. ప్రొజెక్షన్ సరిచేశాక మిగిలే తప్పు: గట్టు

మామయ్య పొలంలో 80 గుంటల మీద మిగిలిన ఆ కొంచెం గుంటలో నూటికి 36 వంతులు, అంటే దాదాపు 44 గజాలు. శాటిలైట్ బొమ్మను బాగా జూమ్ చేసి చూశాను. ఉత్తరం వైపు గట్టు మీద తుమ్మ చెట్ల నీడ పడి ఉంది, నేను ఆ నీడ బయటి అంచు వెంట క్లిక్ చేసుకుంటూ పోయాను. గట్టు మధ్యకు గీత జరిపితే ఆ ఎక్కువ చాలావరకు పోయింది.

రెండెకరాల చతురస్రం అంటే ఒక్కో వైపు 90 మీటర్లు. నాలుగు వైపులా గీత ఒక్క మీటరు బయటికి పోతే చాలు, 360 చదరపు మీటర్లు, అంటే మూడున్నర గుంటలు పెరుగుతుంది. యూటీఎంలో ఎకరానికి వచ్చే 5 గజాల తప్పు దీని ముందు ఎంత? కాబట్టి కోడ్ సరిచేశాక ఓపిక అంతా గీత మీద పెట్టండి:

- గట్టు లోపలి అంచా, మధ్యా, బయటి అంచా, ముందే ఒకటి నిర్ణయించుకుని నాలుగు వైపులా అదే పాటించండి.
- చెట్ల నీడని హద్దుగా తీసుకోకండి, వీలైతే వేరే తేదీ బొమ్మ కూడా తెరిచి చూడండి.
- ఫోన్ జీపీఎస్‌తో మూలలు తీసుకుంటే ఒక్కో మూల కొన్ని మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. 200 గజాల ప్లాటుకి అది అసలు పనికిరాదు.
- శాటిలైట్ బొమ్మ మొత్తంగా పక్కకు జరిగి ఉండొచ్చు. దానివల్ల విస్తీర్ణం మారదు కానీ హద్దు రాయి ఎక్కడుందనే జవాబు మారుతుంది.

అందుకే మ్యాప్ మీద వచ్చిన విస్తీర్ణాన్ని రిజిస్ట్రేషన్‌కీ హద్దు తగాదాకీ ఆధారంగా పెట్టకండి, దానికి సర్వేయర్ వచ్చి కొలవాల్సిందే. సర్వేయర్‌ని పిలవాలా వద్దా అని తేల్చుకోవడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

## 9. ఫైల్ పోయింది, పాత అంకె ఒక్కటే ఉంది

ఇదీ తరచుగా అడుగుతారు. ఎప్పుడో ఎవరో గీసిచ్చారు, ఎక్సెల్‌లో విస్తీర్ణం మాత్రమే మిగిలింది. అది వెబ్ మెర్కేటర్‌లో లెక్కేసిందని కచ్చితంగా తెలిస్తే, కింది అంకెతో భాగించండి:

- మహబూబ్‌నగర్ దగ్గర 1.097
- హైదరాబాద్ దగ్గర 1.104
- వరంగల్ దగ్గర 1.111
- ఆదిలాబాద్ దగ్గర 1.134

వేరే ఊరికి మొదటి భాగంలోని ఫార్ములాలో మీ అక్షాంశం వేసుకోండి, క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో చూసుకుని. పొడవులకు, అంటే ఫెన్సింగ్, కాలువ లాంటి వాటికి, ఇదే k వర్గమూలంతో భాగిస్తే సరిపోతుంది, హైదరాబాద్‌కి అది 1.051.

తెలియకపోతే మాత్రం భాగించకండి. ముందే సరిగ్గా ఉన్న అంకెను మళ్లీ 1.104 తో భాగిస్తే రెండెకరాలు 1 ఎకరం 32 గుంటలై కూర్చుంటుంది. అలాంటప్పుడు హద్దు మళ్లీ గీయించడమే మంచిది, ఈసారి అంకె పక్కనే ఏ కోడ్‌లో లెక్కేశారో, గట్టు ఏ అంచు తీసుకున్నారో, బొమ్మ ఏ తేదీదో ఒక లైన్ రాయించుకోండి.